ఆగస్టులో బస్తా బరువు మళ్ళీ పెరిగింది: నిల్వ ధాన్యంలో అసలు నష్టాన్ని ఎలా లెక్కకట్టాలి?

కృష్ణా పశ్చిమ డెల్టా రైతు

సభ్యులందరికీ నమస్కారం. మాది తెనాలి ప్రాంతం. సార్వాలో బీపీటీ 5204 వరి వేసి, కోతకు ముందు అదే చేలో మినుము చల్లుతాము. పోయిన డిసెంబరులో ఇంటి తిండికీ, ధర వచ్చినప్పుడు అమ్మడానికీ కలిపి నలభై బస్తాల ధాన్యం గదిలో పెట్టాము. ఆ రోజు బస్తాకు 75 కిలోల చొప్పున కాటా వేశాము. మిల్లు నుంచి తెచ్చిన తేమ మిషన్‌లో 14 శాతం చూపింది. బస్తాలు గోనె సంచులు, కింద చెక్క పలకలు ఉన్నాయి.

మే నెలలో కొన్ని బస్తాలు తూస్తే సగటున 73.3 కిలోలు వచ్చాయి. బస్తాకు కిలోన్నర పైన తగ్గేసరికి ఇంట్లో ఎలుకల మీదా, గది తాళం ఎవరి దగ్గర ఉంటుందన్న దాని మీదా పెద్ద చర్చే జరిగింది. ఇప్పుడు ఆగస్టులో అవే బస్తాలు తూస్తే సగటున 74 కిలోలు ఉన్నాయి. తేమ 15 శాతం చూపుతోంది. బస్తా కదిపితే చిన్న చిన్న రెక్కల పురుగులు, చిలకలు లేస్తున్నాయి. బరువు పెరిగింది కనుక నష్టం ఆగిందని అనుకోవచ్చా? ఇంకో సంగతి, అంతకు ముందు ఏడాది ధాన్యం ఆరు బస్తాలు గోడ వైపు ఉండిపోయాయి. గది చిన్నది కావడంతో కొత్తవి వాటి ముందు పడ్డాయి. ఏవి ముందు తీయాలో కూడా చెప్పగలరు.

హైదరాబాద్ గృహిణి

మా ఫ్లాట్‌లో కూడా ఇదే సమస్య అండీ. ఇరవై ఐదు కిలోల సోనా మసూరి బస్తా కొని డబ్బాలో పోసుకుంటాము. వానాకాలం వచ్చేసరికి నల్లటి పురుగులు పాకుతున్నాయి. లవంగాలు, ఎండుమిరపకాయలు వేసినా తగ్గలేదు. వాటికి వేరే ఏదైనా మందు ఉందా?

విశ్రాంత వ్యవసాయ అధికారి

అమ్మా, మీది బియ్యం, వారిది ఊకతో ఉన్న ధాన్యం కనుక పురుగూ వేరు, దారీ వేరు. మీరు చూస్తున్నది ముక్కు పురుగు అయ్యుండాలి. ఊక ఉన్న గింజలోకి అది సులభంగా వెళ్ళలేదు, బియ్యం దొరికితే మాత్రం వదలదు. డబ్బా అడుగున పాత బియ్యం ఉండగానే పైన కొత్త బస్తా పోయడం వల్లనే అది ఏళ్ళ తరబడి మీ ఇంట్లో నిలిచి ఉంటుంది. పాతది పూర్తిగా వాడేసి, డబ్బా ఖాళీ చేసి, మూలలు తుడిచి, ఎండలో పెట్టిన తరువాతే కొత్తది పోయండి. ఇంట్లో తినే బియ్యంలో మందు ఏదీ కలపవద్దు.

ఇక రైతు గారి ప్రశ్న. మీరు కాటా బరువును మాత్రమే చూస్తున్నారు, అందులో నీళ్ళ బరువు కూడా ఉంది. దాన్ని తీసివేసి చూస్తే కథ పూర్తిగా తిరగబడుతుంది.

డిసెంబరులో 75 కిలోల బస్తాలో 14 శాతం నీరు అంటే 10.5 కిలోలు. మిగిలిన 64.5 కిలోలు పొడి పదార్థం. మే నెలలో మీరు తేమ చూసినట్లు రాయలేదు. మీ ప్రాంతపు ఎండలకు గోనె సంచిలోని ధాన్యం 12 శాతం దాకా దిగడం మామూలే. 12 శాతం వద్ద 73.3 కిలోల బస్తాలో పొడి పదార్థం 64.5 కిలోలే. అంటే మే నాటికి గింజ దాదాపు ఏమీ పోలేదు, పోయింది నీరు. తాళం గురించిన అనుమానానికి ఆ లెక్కలో ఆధారం లేదు.

ఇప్పుడు ఆగస్టు చూడండి. 74 కిలోలలో 15 శాతం నీరు, అంటే 11.1 కిలోలు. పొడి పదార్థం 62.9 కిలోలు. డిసెంబరుతో పోలిస్తే బస్తాకు 1.6 కిలోల గింజ తగ్గింది. వానాకాలపు గాలి నుంచి ధాన్యం పీల్చుకున్న తేమ, పురుగు తిన్న బరువును కాటా మీద పూడ్చివేసింది. కాటా ప్రకారం మీకు కిలో తగ్గింది, నిజంగా తగ్గింది కిలోన్నరకు పైనే. పొడి పదార్థంలో అది రెండున్నర శాతం, నలభై బస్తాల మీద 64 కిలోలు. మే నెల బరువు చూసి ఇంట్లో ఆందోళన పడ్డారు, ఆగస్టు బరువు చూసి ఊరట పడుతున్నారు. ఉండవలసింది దీనికి తిరగేసి.

కృష్ణా పశ్చిమ డెల్టా రైతు

సార్, చాలా సంతోషం. మే నెలలో తేమ చూడలేదన్నది నిజమే. ఆ అమ్మకాల కాలంలో మిల్లు మిషన్ దొరకలేదు. అయితే ఈ 1.6 కిలోలూ చిలకలే తిన్నట్లేనా?

విశ్రాంత వ్యవసాయ అధికారి

అలా చెప్పలేము. ఆ 1.6 కిలోలలో పురుగు తిన్నది, ఎలుక తిన్నది, సంచి కుట్టు నుంచి కారిపోయింది, తేమ ఎక్కువైనప్పుడు గింజ శ్వాసలోనూ బూజులోనూ పోయింది, అన్నీ కలిసి ఉంటాయి. పలకల కింద ఊడ్చి, రాలిన గింజలను తూయండి. ఊక చీలికలూ ఎలుక పెంటికలూ ఎక్కడ ఉన్నాయో చూడండి. రాలింది కొద్దిగానే ఉండి, సంచులకు ఎలుక కొరికిన చిల్లులు లేకపోతే ఎక్కువ భాగం పురుగు ఖాతాలోకే వెళుతుంది.

పురుగు ఏదో కూడా తెలియాలి. బస్తా కదిపితే లేచేది వడ్ల చిలుక. దీని పిల్ల పురుగు గింజ లోపలే పెరిగి, బయటికి వచ్చే ముందు గుండ్రని కంత చేస్తుంది. ఆ కంతకు పలుచని మూత మిగులుతుంది. తల్లి చిలుక ధాన్యపు రాశిలోకి లోతుగా దిగలేదు కనుక నెట్టులో బయటి వరుస బస్తాలు, బస్తాలో పై పొర దెబ్బ తింటాయి. దానికి భిన్నంగా, సంచి దులిపితే మెత్తని పిండి రాలుతుంటే అది గింజ తొలిచే చిన్న పెంకు పురుగు. అది లోపలికి ఎంతైనా వెళుతుంది, పిల్ల పురుగూ తల్లీ రెండూ తింటాయి. చిలుకల కన్నా నేను దానికే ఎక్కువ భయపడతాను.

గుంటూరు ఇంజినీరు

అధికారి గారి లెక్క పద్ధతి సరైనదే కానీ అందులోని అంకెలను ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పుకోవాలి. 74 కిలోల బస్తా మీద తేమ మిషన్ ఒక్క శాతం తేడా చూపితే పొడి పదార్థంలో 0.74 కిలోల తేడా వస్తుంది. అంటే ఆగస్టులో అసలు తేమ 14 ఉండి మిషన్ 15 చూపితే, నష్టం 1.6 కాదు, 0.9 కిలోలే అవుతుంది. 16 ఉంటే 2.3 కిలోలు అవుతుంది. రెండు సార్లూ ఒకే మిషన్, ఒకే కాటా వాడారా? మా బంధువుల ఇంట్లో ఎండబెట్టిన పట్టా మీద నుంచే వేడి గింజలు తీసి మిషన్‌లో వేస్తుంటారు, అది తప్పుడు అంకె చూపుతుంది. గింజ నీడలో చల్లారిన తరువాత, ఒక్కో బస్తా నుంచి మూడేసి సార్లు చూసి సగటు తీసుకోవాలి.

కృష్ణా పశ్చిమ డెల్టా రైతు

మిషన్ అదే మిల్లుది. కాటా మాత్రం డిసెంబరులో కళ్ళంలో కాటా, తరువాత మా ఇంటి ఎలక్ట్రానిక్ కాటా.

విశ్రాంత వ్యవసాయ అధికారి

ఇంజినీరు గారి మాట విలువైనది. అందుకే నేను కిలోన్నర పైన అన్నాను కానీ గ్రాముల దాకా వెళ్ళలేదు. రెండు కాటాలను ఒకే బస్తాతో సరిచూసుకుంటే ఆ అనుమానం తీరుతుంది. ఇంకా మంచి మార్గం ఏమిటంటే, డిసెంబరులోనే మూడు నాలుగు బస్తాలకు గుర్తు కట్టి, నెట్టులో బయట ఒకటి, మధ్యలో ఒకటి, గోడ వైపు ఒకటి పెట్టడం. నెలకోసారి అవే బస్తాలను, అదే కాటా మీద, అదే మిషన్‌తో చూసి సంచికి కట్టిన చీటీ మీద తేదీ, బరువు, తేమ రాయడం. మిషన్ శాతం ఎక్కువ చూపినా తక్కువ చూపినా, ప్రతి నెలా అదే తేడాతో చూపుతుంది కనుక నెలకూ నెలకూ మధ్య మార్పు నమ్మదగినదిగా ఉంటుంది.

మిషన్ లేని వారు ఒక గాజు సీసాతో మోటుగా చూసుకోవచ్చు. బాగా ఆరిన సీసాలో సగం దాకా ధాన్యం పోసి, పొడిగా వేయించి చల్లార్చిన ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, ఒకటి రెండు నిమిషాలు గట్టిగా కుదిపి కదలకుండా ఉంచండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. అంటుకోకుండా జారితే అంతకన్నా తక్కువ. నిల్వకు పెట్టవచ్చా, ఇంకో ఎండ కావాలా అన్న నిర్ణయానికి అది చాలుతుంది, నష్టం లెక్కకు మాత్రం చాలదు.

జగిత్యాల గాదె

ఇంత కష్టం గోనె బస్తాలతోనే వస్తుంది. మా ఇంట్లో తాతల నాటి గాదె ఉంది, ఇటుక గోడ, లోపల సున్నం పూత. ధాన్యం పైన పోస్తాము, కింది కంత తెరిచి తీసుకుంటాము. కింద ఉన్నది పాతది కనుక ఎప్పుడూ పాతదే ముందు వస్తుంది. ఎవరూ చీటీలు కట్టనక్కర లేదు. రైతు అన్న కూడా ఒక గాదె కట్టించుకుంటే ఏది ముందు, ఏది వెనుక అన్న చిక్కే ఉండదు.

విశ్రాంత వ్యవసాయ అధికారి

గాదె మంచిదే, గోనె సంచి కన్నా వానాకాలపు గాలిని బాగా ఆపుతుంది. కానీ కింద నుంచి తీస్తే పాతదే ముందు వస్తుందన్నది సగమే నిజం. అడుగు చదునుగా ఉన్న గాదెలో కింది కంత తెరిస్తే, ఆ కంతకు నేరుగా పైన ఉన్న ధాన్యం ఒక గొట్టంలాగా కిందికి దిగుతుంది. పై మట్టం మధ్యలో గుంట పడుతుంది, చుట్టూ ఉన్న పై పొర ఆ గుంటలోకి జారి, కంత ద్వారా బయటికి వస్తుంది. అంటే మొదటి కొద్ది గింజల తరువాత మీకు వచ్చేది నిన్న మొన్న పైన పోసినదే. గోడలను ఆనుకుని, మూలల్లో కూర్చున్న పాత ధాన్యం అన్నిటికన్నా చివర వస్తుంది. ఏటా గాదె పూర్తిగా ఖాళీ చేయకుండా పైన పోస్తూ ఉంటే, ఆ మూలల్లో మూడు నాలుగేళ్ళ ధాన్యం కూడా ఉండవచ్చు. పురుగుకు అదే శాశ్వత నివాసం.

నమ్మకం కలగాలంటే ఒక పని చేయండి. నాలుగు శేర్ల వడ్లను పసుపు నీళ్ళతో తడిపి, బాగా ఆరబెట్టి, గాదెలో పై మట్టం మీద పలుచగా చల్లండి. తరువాత కింద నుంచి మామూలుగా తీసుకుంటూ పోండి. పసుపు గింజలు ఎప్పుడు కనబడతాయో చూడండి.

జగిత్యాల గాదె

సార్, మా గాదె అడుగు చదునుగా లేదు, కంత వైపు వాలుగా ఉంది. ధాన్యం దానంతటదే జారుతుంది, ఇంట్లో ఆడవాళ్ళు లోపలికి దిగి నెట్టవలసిన పని ఉండదు. కాబట్టి మీరు చెప్పిన గొట్టం మా దానికి వర్తించదని అనుకుంటున్నాను.

విశ్రాంత వ్యవసాయ అధికారి

వాలు ఉంటే చివర ఊడ్చే పని తగ్గుతుంది, అది నిజం. కానీ ధాన్యం మొత్తం ఒకేసారి కిందికి దిగాలంటే ఆ వాలు బాగా నిటారుగా, నున్నగా ఉండాలి. ఇళ్ళలోని గాదెలకు అంత వాలు పెడితే సగం చోటు దానికే పోతుంది. మీది ఎంత ఉందో చూడకుండా నేను తేల్చి చెప్పలేను. పసుపు గింజలే చెప్పాలి.

నారాయణపేట కందులు

నేను వరి పండించను, మాది వర్షాధారం, కంది ప్రధాన పంట. మా అత్తగారి కాలం నుంచి కందులకు ఎర్రమట్టి పట్టించి దాస్తాము. జల్లెడ పట్టిన ఎర్రమట్టిని నీళ్ళలో కలిపి, ఆ చిక్కని నీళ్ళలో కందులను కలియబెట్టి, రెండు మూడు ఎండలు బాగా ఆరనిచ్చి, కుండల్లో పోసి, పైన నాలుగు వేళ్ళ మందాన ఇసుక పరుస్తాము. రెండేళ్ళయినా పుచ్చదు. బరువు కూడా తగ్గదు, తూస్తే ఇంకా ఎక్కువే వస్తుంది. మరి మాకు పాతది ముందు తీయాలన్న నియమం ఎందుకు?

గుంటూరు ఇంజినీరు

అమ్మా, ఆ ఎక్కువ బరువు మట్టిది కాదా? పోసేటప్పుడు ఉత్త కందులు తూసి, తీసేటప్పుడు మట్టితో తూస్తే నష్టం ఎప్పటికీ కనబడదు. ఒక కిలో తీసి, కడిగి, మొదట్లో ఉన్నంతగా ఆరబెట్టి తూస్తే సరి.

విశ్రాంత వ్యవసాయ అధికారి

ఎర్రమట్టి పద్ధతిని నేను ఎంతో గౌరవిస్తాను. పుచ్చు పురుగు గింజ మీద గుడ్డు అంటించలేదు, పక్క గింజల మధ్య తిరగలేదు. పైన ఇసుక పొర ఉన్నందువల్ల బయటి పురుగు లోపలికి రాదు. పప్పుకు వాడుకునే కందులు అలా రెండేళ్ళు ఉన్నా ఇబ్బంది లేదు. కానీ విత్తనం వేరు. గింజకు కంత పడకపోయినా వయసు పెరిగేకొద్దీ మొలకెత్తే శక్తి తగ్గుతూ ఉంటుంది, తేమ, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా తగ్గుతుంది. పప్పుధాన్యాల విత్తనాన్ని మామూలు సంచిలో దాచాలంటే తేమ 9 శాతం మించకూడదు. ధృవీకరణ విత్తనానికి కంది, మినుము, పెసరలో కనీస మొలక 75 శాతం, వరిలో 80 శాతం ఉండాలని ప్రమాణం ఉంది. మీ రెండో ఏడు కందులను విత్తే ముందు మొలక చూసుకుంటారా?

నారాయణపేట కందులు

చూడము. కాస్త ఒత్తుగా విత్తుతాము, మొలిచినన్ని మొలుస్తాయి. మా వైపు వాన సరిగా పడితే మొలక సమస్య ఎప్పుడూ రాలేదు. కుండలు మాత్రం పాతవి ముందు వరుసకు జరిపిస్తాను, అందులో కష్టం ఏమీ లేదు.

కృష్ణా పశ్చిమ డెల్టా రైతు

పప్పుధాన్యాల మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. మార్చిలో తీసిన మినుముల్లో ఒక బస్తా విత్తనానికి ఉంచాము. నవంబరు చివర చల్లాలి. గింజల మీద తెల్లటి చుక్కలు, కొన్నింటికి కంతలు కనబడుతున్నాయి. గుప్పెడు తీస్తే ఎనిమిదింటిలో ఒకటి కంతదే. పన్నెండు పదమూడు శాతం పోయినట్లేనా?

విశ్రాంత వ్యవసాయ అధికారి

కంత పడిన గింజల శాతం వేరు, పోయిన బరువు శాతం వేరు, విత్తనంగా పోయిన విలువ వేరు. మూడింటినీ కలిపితే ఒకరు నష్టాన్ని ఐదింతలు చేసి చెబుతారు, ఇంకొకరు ఏమీ లేదంటారు.

ముందు నమూనా. గుప్పెడు పై నుంచి తీస్తే పైదే తెలుస్తుంది. బస్తాను పట్టా మీద గుమ్మరించి, పారతో బాగా కలిపి, రాశిని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండింటిని ఉంచి మిగిలినవి పక్కకు నెట్టండి. ఉంచినదాన్ని మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేయండి. చివరికి దోసెడు మిగిలేదాకా అలా చేస్తే ఆ దోసెడు మొత్తం బస్తాకు ప్రతినిధి. అందులో నుంచి ఏరకుండా ఐదు వందల గింజలు లెక్కపెట్టి, కంత పడినవి, పడనివి వేరు చేసి, గ్రాములో పదో వంతు దాకా చూపే చిన్న కాటా మీద విడివిడిగా తూసి ఇక్కడ రాయండి.

కృష్ణా పశ్చిమ డెల్టా రైతు

ఈ రోజు చేశాము. బంగారు కొట్టు నడిపే మా తమ్ముడి కాటా మీద తూచాము. మంచివి 440 గింజలు, 17.6 గ్రాములు. కంత పడినవి 60 గింజలు, దాదాపు 2 గ్రాములు, కచ్చితంగా 1.98.

విశ్రాంత వ్యవసాయ అధికారి

మంచి గింజ ఒక్కోటి 40 మిల్లీగ్రాములు, కంత గింజ 33. అంటే పురుగు ఒక్కో గింజలో 7 మిల్లీగ్రాములు తిన్నది, ఆ గింజ బరువులో ఆరో వంతు కన్నా కాస్త ఎక్కువ. నూటికి పన్నెండు గింజల్లో అంత పోతే, మొత్తం మీద బరువు నష్టం 2.1 శాతం. పప్పుకు అమ్మితే తూకంలో పోయేది ఇంతే కానీ కొనేవాడు కంతలు చూసి ధర కోసేది దీనికన్నా ఎక్కువ ఉంటుంది.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది, అది తెలిసి వాడాలి. పిల్ల పురుగు లోపల ఉండి ఇంకా బయటికి రాని గింజ మీకు మంచి గింజలాగే కనబడుతుంది, మీరు దాన్ని 440లో కలిపేశారు. కనుక నిజమైన నష్టం 2.1 కన్నా ఎక్కువే. ఎంత ఎక్కువో తెలియాలంటే ఆ 440 గింజలను గాజు సీసాలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, గదిలోనే నెల రోజులు ఉంచండి. ఎన్ని పురుగులు బయటికి వస్తే అన్ని గింజలు ఈ రోజే దెబ్బతిన్నవి. ఈ పురుగు చేలో కాయ మీదే గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికి వస్తుంది, ఇంట్లో నెలకో తరం చొప్పున పెరుగుతుంది. మార్చి నుంచి నవంబరు దాకా దానికి ఎన్ని తరాలు దొరుకుతాయో చూడండి.

విత్తనం విషయానికి, కంత పడినవీ పడనివీ విడివిడిగా నూరేసి గింజలు తడి గోనెలో చుట్టి మొలక చూడండి. వారం రోజులకు మామూలు మొక్కలైనవాటినే లెక్కపెట్టండి, కేవలం వేరు తొంగి చూసినవాటిని కాదు.

చీడపీడల దుకాణం

ఇంత శ్రమ ఎందుకు? గదిలో రెండు మూడు మాత్రలు పెట్టి తలుపు మూసేస్తే వడ్ల చిలుక, పుచ్చు పురుగు అన్నీ మూడు రోజుల్లో పోతాయి. మా వైపు చాలా మంది పెడుతున్నారు.

విశ్రాంత వ్యవసాయ అధికారి

ఆ సలహాను ఎవరూ పాటించవద్దని గట్టిగా కోరుతున్నాను. మీరు చెప్పే మాత్రలు అల్యూమినియం ఫాస్ఫైడ్. అవి గాలిలోని తేమ తగిలి ఫాస్ఫిన్ వాయువు వదులుతాయి. ఇంటికి ఆనుకున్న గదిలో పెడితే తలుపు సందుల నుంచి ఆ వాయువు పడకగదిలోకి వస్తుంది, పీల్చినవారికి విరుగుడు లేదు. మన దేశంలో వాటిని అనుమతి ఉన్న సంస్థలూ శిక్షణ పొందినవారూ మాత్రమే వాడాలి, రైతుకు చిల్లరగా అమ్మకూడదు. పైగా గాలి ఆడే గదిలో వాయువు నిలవదు, పెద్ద పురుగులు చచ్చి గింజ లోపలివి మిగులుతాయి. ప్రమాదమూ మిగులుతుంది, పురుగూ మిగులుతుంది.

కృష్ణా పశ్చిమ డెల్టా రైతు

మాత్రల జోలికి వెళ్ళము, ఇంట్లో పిల్లలున్నారు. రెండు మూడు పొడి రోజులు దొరికితే నెట్టు మొత్తం విప్పి చూశాము. చూసినది రాస్తున్నాను.

తలుపు వైపు బయటి వరుస బస్తాల్లో నూటికి ఏడు గింజలకు మూత కంతలు ఉన్నాయి. మధ్య బస్తాల్లో రెండు. గోడ వైపు పాత ఆరు బస్తాల్లో కంతలు నాలుగే కానీ సంచి దులిపితే తెల్లటి పిండి రాలింది, చేతికి మైదాలాగా అంటింది. పలకల కింద ఊడిస్తే రెండు కిలోల లోపు గింజలు వచ్చాయి. ఎలుక ఆనవాళ్ళు ఒక మూలలోనే ఉన్నాయి. రెండు కాటాలకూ తేడా పావు కిలో కూడా లేదు. మినుముల మొలక: మంచివి 84, కంతవి 38.

విశ్రాంత వ్యవసాయ అధికారి

ఎంత చక్కగా చూశారు! ఇప్పుడు వరుస చెప్పవచ్చు. పాత ఆరు బస్తాలను ఈ వారమే మిల్లుకు పంపండి. అవి పాతవన్నది ఒక కారణం, కానీ పెద్ద కారణం ఆ పిండి. తొలిచే పురుగు అక్కడ స్థిరపడింది, అక్కడి నుంచి మధ్య బస్తాల్లోకి దిగుతుంది. తరువాత బయటి వరుస, ఆఖరున మధ్యవి. కేవలం తేదీ చూసి కాకుండా, తేదీ ఒకటే అయినచోట ఏది త్వరగా చెడుతుందో దాన్ని ముందు తీయాలి.

మిల్లుకు పంపేవాటిని మరీ ఎండబెట్టవద్దు. 12 శాతం కన్నా దిగిన ధాన్యం మరలో నూక ఎక్కువ అవుతుంది, 13, 14 మధ్య ఉంటే మంచిది. నిలవ ఉండేవాటిని 13 దాకా ఆరబెట్టండి.

గుంటూరు ఇంజినీరు

నాకు ఒక అభ్యంతరం ఉంది. పాత ఆరు బస్తాలను తూర్పారబట్టి, ఎండబెట్టి వేరే చోట పెడితే అవి ఇంకా కొన్ని వారాలు ఆగగలవు. నూటికి ఏడు కంతలున్న బయటి వరుస ఇప్పుడు అన్నిటికన్నా వేగంగా నష్టపోతోంది, బస్తాలూ ఎక్కువ. ముందు వాటిని మిల్లుకు పంపితే ఆగే కిలోలు ఎక్కువ అవుతాయి కదా?

విశ్రాంత వ్యవసాయ అధికారి

చిలుకకు ఎండ బాగా పనిచేస్తుంది, బయటి వరుసను ఎండలో పోసి తూర్పారబడితే దాని జోరు తగ్గుతుంది. తొలిచే పురుగు ఒక ఎండకు లొంగదు. అందుకే నేను పాతవే ముందు అంటాను. మీ వాదనలోనూ బలం ఉంది, బయటి వరుసలో ఎన్ని బస్తాలు ఉన్నాయన్న దాని మీద లెక్క మారుతుంది.

జగిత్యాల గాదె

పసుపు వడ్ల సంగతి రాయడానికి వచ్చాను. రెండు సంచులు తీసేసరికే పసుపు గింజలు కనబడ్డాయి, మూడో సంచిలో దండిగా వచ్చాయి. గాదె ఇంకా సగానికి పైన నిండి ఉంది. వాలు ఉన్నా పైదే వస్తోంది. ఈసారి కొత్త పంట రాకముందే మొత్తం ఖాళీ చేసి, సున్నం వేయిస్తాము. మధ్యలో అడ్డగోడ కట్టి రెండు అరలు చేస్తే ఒక అర ఖాళీ చేస్తూ ఇంకో అర నింపవచ్చని మా నాన్న అంటున్నారు. అలా ఎవరైనా చేశారా?

కృష్ణా పశ్చిమ డెల్టా రైతు

పాత ఆరు బస్తాలు మిల్లుకు వెళ్ళాయి. బయటి వరుస పన్నెండు బస్తాలు పట్టాల మీద ఉన్నాయి. మినుముల్లో కంతవాటిని జల్లించి, ఏరించి తీసేశాము. మిగిలినవి ఎండబెట్టి, కిలోకు ఐదు మిల్లీలీటర్ల చొప్పున వేప నూనె పట్టించాలనుకుంటున్నాము, విత్తనానికే కనుక చేదు ఇబ్బంది లేదు. గాలి చొరబడని మూడు పొరల సంచి కొనమని కూడా ఒకరు చెప్పారు. మినుముల తేమ ఇప్పుడు 11 చూపుతోంది. ఈ తేమతో అందులో కట్టవచ్చా?

విశ్రాంత వ్యవసాయ అధికారి

11 వద్ద కట్టవద్దు. ఆ సంచి బయటి తేమను ఎలా ఆపుతుందో లోపలి తేమనూ అలాగే బయటికి పోనివ్వదు, లోపలి తేమతోనే విత్తనం నవంబరు దాకా కూర్చుంటుంది. 9 కి దిగిన తరువాత, చల్లారాక, గాలి నొక్కి తీసి, ఒక్కో పొర విడివిడిగా కట్టండి. లోపలి ప్రాణవాయువును పురుగులే వాడేసుకుని ఆగిపోతాయి కనుక దానికి నూనె కూడా అవసరం ఉండదు. నవంబరు దాకా మధ్యలో తెరిచి చూడవద్దు, తెరిచిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి వెళుతుంది. సంచిని ఎలుక కొరకకుండా డ్రమ్ములో పెట్టండి.

నారాయణపేట కందులు

ఆ సంచి ధరకు మా వైపు నాలుగు కుండలు వస్తాయి, ఎలుక కుండను కొరకలేదు కూడా. విత్తనానికి ఏది మేలో ఒక ఏడు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. రైతు గారు మొలక లెక్క నవంబరులో ఇక్కడ రాస్తే, నేను మా కుండలోని కందుల లెక్క కూడా రాస్తాను.

కృష్ణా పశ్చిమ డెల్టా రైతు

తప్పకుండా రాస్తానమ్మా. గుర్తు కట్టిన మూడు బస్తాలకు చీటీలు ఈ రోజే పెట్టాము: బయటిది 73.8 కిలోలు, తేమ 15. మధ్యది 74.3, తేమ 15. గోడ వైపుది 74.1, తేమ 14.5. వచ్చే నెల ఇదే తేదీన అవే కాటా, మిషన్‌లతో చూస్తాము.